బుల్ కాల్ స్ప్రెడ్: 120 రూపాయలు పెట్టి 180 అడిగే లెక్క

నిఫ్టీ పెరుగుతుందని నమ్మి కాల్ ఆప్షన్ కొన్నారు. అనుకున్నట్టే నిఫ్టీ పెరిగింది. గడువు తీరాక ఖాతా చూసుకుంటే మాత్రం డబ్బు తగ్గింది. ఎఫ్ అండ్ ఓలో కొత్తగా దిగినవాళ్లలో చాలామంది మొదటి నెలల్లోనే ఈ అనుభవంతో తల పట్టుకుంటారు. బ్రోకరు మోసం చేశాడనో, మార్కెట్‌లో ఏదో గోల్‌మాల్ జరిగిందనో అనుకుంటారు. గోల్‌మాల్ ఏమీ లేదు. నిఫ్టీ పెరిగింది, వాళ్లు కట్టిన ప్రీమియం తిరిగొచ్చేంత పెరగలేదు, అంతే.

ఆ ప్రీమియంలో కొంత భాగాన్ని ముందే వెనక్కి రాబట్టుకునే పద్ధతి ఒకటుంది. దాన్నే బుల్ కాల్ స్ప్రెడ్ అంటారు. ఒక కాల్ కొని, అదే గడువుకు దానికంటే పై స్ట్రైక్‌లో ఇంకో కాల్ అమ్మడం, ఇంతే దాని నిర్మాణం. గరిష్ఠ నష్టం ఎంత, గరిష్ఠ లాభం ఎంత, ఎక్కడ లాభనష్టాలు సమానమవుతాయి అన్న మూడు అంకెలూ ఆర్డర్ పెట్టకముందే తెలిసిపోతాయి. కూడికలు, తీసివేతలు వస్తే చాలు.

ముందు కాల్ అంటే ఏమిటో ఒక్కసారి చూద్దాం. ఊరి బయట స్థలం 25 లక్షలకు బేరం కుదిరింది. నెల రోజుల్లోపు ఎప్పుడొచ్చినా అదే ధరకు ఇస్తానని యజమాని ఒప్పుకున్నాడు. ఆ మాట మీద నిలబడినందుకు 20 వేలు తీసుకున్నాడు. ఇది బయానా లాంటిదే గానీ స్థలం ధరలో మినహాయించరు, వద్దనుకుంటే తిరిగి ఇవ్వరు. నెలలోపు ఆ స్థలం 26 లక్షలు పలికితే మీకు లాభం. 24కు పడిపోతే మీరు కొననక్కర్లేదు, పోయేది ఆ 20 వేలే. కాల్ ఆప్షన్ కొన్నవాడి పరిస్థితి ఇదే. ఖాయమైన ధరను స్ట్రైక్ అంటారు, కట్టిన సొమ్మును ప్రీమియం అంటారు, గడువు రోజును ఎక్స్‌పైరీ అంటారు. ఇక ఇదే బేరంలో, స్థలం ధర 25 లక్షల 30 వేలు దాటితే ఆ పై లాభం నీది అని వేరొకరికి చెప్పి, అతని దగ్గర 9 వేలు తీసుకుంటే? మీ చేతి నుంచి పోయింది 11 వేలే అవుతుంది. బదులుగా స్థలం ఎంత పలికినా మీకొచ్చేది 30 వేల దగ్గర ఆగిపోతుంది. స్ప్రెడ్ అంటే ఇదే.

ఇప్పుడు నిఫ్టీకి వద్దాం. అంకెలు గుండ్రంగా ఉండటానికి నిఫ్టీ సరిగ్గా 25,000 దగ్గర ఉందనుకుందాం. ఎక్స్‌పైరీకి ఇంకా తొమ్మిది రోజులుంది. బ్రోకర్ యాప్‌లో ఆప్షన్ చెయిన్ తెరిస్తే 25000 CE ధర 210 రూపాయలు, 25300 CE ధర 90 రూపాయలు కనిపిస్తున్నాయి. మార్కెట్ మరీ ఉద్రిక్తంగా లేని రోజుల్లో దాదాపు ఈ స్థాయిలోనే ఉండే ధరలివి. లాట్ 65 యూనిట్లు అనుకుందాం. నిఫ్టీ లాట్ కొంతకాలం 75గా ఉండేది, తర్వాత 65కు తగ్గింది. ఎక్స్ఛేంజ్ దీన్ని అప్పుడప్పుడూ మారుస్తుంది కాబట్టి మీరు లెక్క వేసే రోజున యాప్‌లో ఏముందో చూసుకోవాలి.

25000 CE ఒక లాట్ కొంటే యూనిట్‌కు 210 పోతుంది. 25300 CE ఒక లాట్ అమ్మితే యూనిట్‌కు 90 వస్తుంది. తేడా 120. దీన్ని నెట్ డెబిట్ అంటారు, అంటే అసలు మీ జేబులోంచి వెళ్లింది ఇంతే. లాట్‌కు 120 × 65 = 7,800 రూపాయలు. రెండు స్ట్రైకుల మధ్య దూరం 300 పాయింట్లు. 120, 300 అనే ఈ రెండు అంకెలు గుర్తుంటే మిగతాదంతా వీటిలోంచే వస్తుంది.

గరిష్ఠ నష్టం: ఎక్స్‌పైరీ రోజున నిఫ్టీ 25,000 దగ్గరో, అంతకంటే కిందో ముగిస్తే రెండు కాల్‌లూ సున్నా అవుతాయి. కొన్నదాని విలువా పోతుంది, అమ్మినదాని బాధ్యతా పోతుంది. మీరు పోగొట్టుకున్నది ఆ 120 మాత్రమే, లాట్‌కు 7,800. నిఫ్టీ 24,000కు కూలినా, 23,000కు కూలినా ఇంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ పోదు.

గరిష్ఠ లాభం: నిఫ్టీ 25,300 దగ్గర ముగిస్తే మీరు కొన్న కాల్ విలువ 300. అమ్మిన కాల్ విలువ సున్నా. కట్టిన 120 తీసేస్తే మిగిలేది 180, లాట్‌కు 11,700. నిఫ్టీ ఏకంగా 26,000కు వెళ్లినా మీ లాభం ఇంతే. అప్పుడు మీ 25000 కాల్ విలువ 1,000 ఉంటుంది గానీ, అమ్మిన 25300 కాల్ కోసం మీరు 700 చెల్లించాలి. మిగిలేది మళ్లీ ఆ 300 మాత్రమే.

లాభనష్టాలు సమానమయ్యే చోటు, అంటే బ్రేక్ఈవెన్: కింది స్ట్రైక్‌కు నెట్ డెబిట్ కలిపితే చాలు. 25,000 + 120 = 25,120. నిఫ్టీ అక్కడ ముగిస్తే కొన్న కాల్ విలువ 120, కట్టింది 120, చేతికి మిగిలేది ఏమీ లేదు. 25,060 దగ్గర ముగిస్తే 60 వెనక్కి వస్తుంది, 60 పోతుంది, లాట్‌కు 3,900 నష్టం. 25,200 దగ్గర ముగిస్తే 80 లాభం, లాట్‌కు 5,200. సూత్రాలుగా రాసుకోవాలంటే ఇవి మూడే:

```
గరిష్ఠ నష్టం  = నెట్ డెబిట్                     = 210 − 90 = 120
గరిష్ఠ లాభం  = స్ట్రైకుల దూరం − నెట్ డెబిట్      = 300 − 120 = 180
బ్రేక్ఈవెన్    = కింది స్ట్రైక్ + నెట్ డెబిట్       = 25,000 + 120 = 25,120
```

ఇక్కడ ముగింపు అంటే ట్రేడింగ్ ఆఖరి క్షణంలో తెరమీద కనిపించే అంకె అనుకోకండి. సెటిల్‌మెంట్‌కు తీసుకునేది నిఫ్టీ క్లోజింగ్ విలువను. సూచీలోని షేర్లు చివరి అరగంటలో ట్రేడయిన ధరల సగటు నుంచి దాన్ని లెక్కిస్తారు. మూడున్నరకు నిఫ్టీ 25,125 చూపించిందని ఊపిరి పీల్చుకుంటే, క్లోజింగ్ 25,108గా తేలవచ్చు. బ్రేక్ఈవెన్ దగ్గర తచ్చాడుతున్నప్పుడు ఈ తేడా కనబడుతుంది.

మొదట్లో చెప్పిన తల పట్టుకునే అనుభవాన్ని ఇప్పుడు ఈ అంకెల్లో పెట్టి చూద్దాం. ఒకాయన ఒట్టి 25000 CE కొన్నాడు, 210 కట్టాడు. ఆయన బ్రేక్ఈవెన్ 25,210. ఇంకొకాయన పైన చెప్పిన స్ప్రెడ్ వేశాడు. నిఫ్టీ 25,150 దగ్గర ముగిసింది, ఇద్దరి అంచనా నిజమైంది. మొదటాయనకు 150 వెనక్కి వచ్చింది, 60 పోయింది, అంటే లాట్‌కు 3,900 నష్టం. రెండో ఆయనకు 30 లాభం, లాట్‌కు 1,950. నిఫ్టీ 25,000 కిందే ఉండిపోతే మొదటాయన 13,650 పోగొట్టుకుంటాడు, రెండో ఆయన 7,800.

మరి మొదటాయనకు ఎప్పుడు పై చేయి? చాలామంది 25,300 దాటగానే అనుకుంటారు. కాదు. 25,300 దగ్గర స్ప్రెడ్‌కు 180 లాభం, ఒట్టి కాల్‌కు 90 మాత్రమే. పై కాల్ అమ్మినందుకు వచ్చిన 90 ఇంకా స్ప్రెడ్‌వాడి దగ్గర మిగులుగానే ఉంది. ఆ 90 కరిగిపోవాలంటే నిఫ్టీ 25,390కి చేరాలి. అక్కడ ఇద్దరికీ 180. ఆ తర్వాత ప్రతి పాయింటూ ఒట్టి కాల్ కొన్నవాడిదే. 25,600 దగ్గర ఆయనకు 390, లాట్‌కు 25,350. స్ప్రెడ్‌వాడు 11,700 దగ్గరే ఆగిపోయి ఉంటాడు.

కాబట్టి స్ప్రెడ్ వేసేవాడు తనను తాను అడగాల్సింది ఒకటే. తొమ్మిది రోజుల్లో నిఫ్టీ 25,390 దాటుతుందని నిజంగా నమ్ముతున్నానా? నమ్మితే స్ప్రెడ్ వేయకూడదు, ఒట్టి కాల్ కొనాలి. కొద్దిగా పెరుగుతుంది, అంతకు మించి పోదు అనిపిస్తేనే స్ప్రెడ్‌కు అర్థం ఉంటుంది. దూకుడుగా పెరుగుతుందనుకుంటూనే, ఖర్చు తగ్గుతుంది కదా అని పై కాల్ అమ్మేసి, ఆ తర్వాత నిఫ్టీ ఎగిరిపోతుంటే కూర్చుని తిట్టుకునేవాళ్లను మార్కెట్లో ఏ రోజైనా చూడవచ్చు.

తర్వాత వచ్చే గందరగోళం సమయానికి సంబంధించినది. స్ప్రెడ్ వేశారు, రెండు రోజుల్లోనే నిఫ్టీ 25,350 చేరింది. అమ్మిన స్ట్రైక్‌ను దాటేసింది కూడా. గరిష్ఠ లాభం 180 వచ్చేసి ఉంటుందని యాప్ తెరుస్తారు. తెరమీద 92 మాత్రమే కనిపిస్తుంది, అనుకున్న దాంట్లో సగం. ఎందుకంటే ఇంకా వారం గడువుంది. మీరు కొన్న 25000 CE దాదాపు 423కు చేరి ఉంటుంది, అమ్మిన 25300 CE కూడా 211 పలుకుతూ ఉంటుంది. ఆ రెండోది ఇప్పుడు స్ట్రైక్‌కు 50 పాయింట్లే పైన ఉంది గనక, దానిలో అసలు విలువ 50 మాత్రమే. మిగతా 161 ఇంకా మిగిలి ఉన్న సమయానికి కట్టిన ధర. ఆ సమయపు విలువ కరిగితేనే మీ స్ప్రెడ్ 212 నుంచి 300కు పెరుగుతుంది.

అంటే నిఫ్టీ 25,300 పైనే ఉంటే చాలు, ఇక కాలం మీ తరఫున పనిచేస్తుంది. కానీ ఆ వారంలో నిఫ్టీ మళ్లీ కిందికి దిగే ప్రమాదం ఉంది. రెండు రోజుల్లోనే 5,980 లాభం చేతిలో ఉన్నప్పుడు, మిగతా 5,720 కోసం ఇంకో వారం ఆగాలా అన్నది మీ నిర్ణయం. నా మట్టుకు నేను గరిష్ఠ లాభంలో సగం దాటి వచ్చిందంటే తీసుకుని బయటపడటానికే మొగ్గు చూపుతాను. ఆఖరి వారంలో ఒక్క చెడ్డ రోజు చాలు, ఆ లాభం అంతా ఊడ్చుకుపోవడానికి.

ఇంతకీ పైన 25,300నే ఎందుకు అమ్మాలి? అదే రోజు, అవే పరిస్థితుల్లో 25100 CE దాదాపు 160 పలుకుతుంది, 25500 CE దాదాపు 40. 25,100 అమ్మితే నెట్ డెబిట్ 50, గరిష్ఠ లాభం కూడా 50, బ్రేక్ఈవెన్ 25,050. నిఫ్టీ కొంచెం కదిలినా లాభంలో పడతారు గానీ, గెలిచినప్పుడు వచ్చేది ఓడినప్పుడు పోయేదానితో సమానం. 25,500 అమ్మితే నెట్ డెబిట్ 170, గరిష్ఠ లాభం 330, బ్రేక్ఈవెన్ 25,170. బహుమతి పెద్దదే. అది పూర్తిగా చేతికి రావాలంటే తొమ్మిది రోజుల్లో నిఫ్టీ 2 శాతం పెరగాలి.

దీన్ని తూకం వేయడానికి చిన్న లెక్క ఒకటి ఉంది. నెట్ డెబిట్‌ను స్ట్రైకుల దూరంతో భాగించండి. 120ని 300తో భాగిస్తే 40 శాతం. అంటే ఇలాంటి స్ప్రెడ్‌లు పదే పదే వేసి, ప్రతిసారీ పూర్తి లాభమో పూర్తి నష్టమో వస్తుందనుకుంటే, వందకు 40 సార్లు గెలిస్తేనే అసలు నిలబడుతుంది. 25,100 అమ్మిన స్ప్రెడ్‌కు ఇది 50 శాతం, 25,500కు 34 శాతం. తక్కువ శాతం కనబడగానే అదే మంచిదని లాగేసుకోకండి. మార్కెట్ కూడా ఇదే లెక్క వేసుకుని, జరిగే అవకాశం తక్కువ ఉన్నదాన్ని చవగ్గా ఇస్తోంది. ఏ స్ట్రైక్ అమ్మాలో నిర్ణయించాల్సింది మీ అంచనా ఎక్కడిదాకా వెళ్తుందన్నదే. గత కొన్ని వారాల్లో నిఫ్టీ ఎక్కడ ఆగి వెనక్కి తిరుగుతోందో చూసి, ఆ చోటుకు దగ్గరగా పై స్ట్రైక్ పెట్టేవాళ్లు అందుకే అలా చేస్తారు.

ఇక ఆర్డర్ల దగ్గరకు వద్దాం. కాగితం మీద సరిపోయిన లెక్క ఇక్కడే తప్పుతుంది. స్ప్రెడ్‌లో రెండు కాళ్లుంటాయి, మార్కెట్ భాషలో లెగ్‌లు. ముందు కొనే లెగ్, తర్వాత అమ్మే లెగ్. ఈ వరస తారుమారు అయితే ఒట్టి కాల్ అమ్మినట్టు లెక్క, దానికి నష్టం పరిమితి లేదు కాబట్టి నిఫ్టీ ఒక లాట్‌కే బ్రోకర్ లక్షన్నర, అంతకు మించి మార్జిన్ అడుగుతాడు. చేతిలో కొన్న కాల్ ఉన్నాక పై కాల్ అమ్మితే, ఆ రెండూ ఒకదానికొకటి కాపు కాస్తున్నాయని గుర్తించి మార్జిన్ బాగా తగ్గిస్తారు. ఇలా హెడ్జ్ చేసిన పొజిషన్లకు మార్జిన్ గణనీయంగా తగ్గించే విధానం 2020 జూన్‌లో వచ్చింది.

తగ్గించినా మార్జిన్ సున్నా కాదు. గరిష్ఠ నష్టం 7,800 అయినా ఖాతాలో కొన్ని పదివేలు బ్లాక్ అవుతాయి. ఎక్స్‌పైరీ రోజున అమ్మిన ఆప్షన్ల మీద అదనపు మార్జిన్ కూడా పడుతుంది. 7,800 పెట్టి 11,700 సంపాదించాను, 150 శాతం లాభం అని ఎవరైనా చెబితే, బ్లాక్ అయిన డబ్బు ఎంత అని అడగండి. అసలు పెట్టుబడి అదే.

బయటికొచ్చేటప్పుడు వరస తిరగబడుతుంది. ముందు అమ్మిన కాల్‌ను తిరిగి కొనాలి, ఆ తర్వాతే కొన్నదాన్ని అమ్మాలి. ఇక్కడే ఒక మానసిక ఉచ్చు ఉంది. నిఫ్టీ ఎక్స్‌పైరీ రోజున 25,600 దగ్గరుందనుకోండి. యాప్ తెరమీద రెండు వరసలు కనిపిస్తాయి. ఒకటి ఆకుపచ్చ రంగులో, 25,350 లాభం. రెండోది ఎర్రగా, 13,650 నష్టం, ఎందుకంటే 90కి అమ్మిన కాల్ ఇప్పుడు 300 అయింది. రెండూ కలిపితే 11,700. మీకు రావాల్సింది సరిగ్గా వస్తోంది. కానీ కొందరికి ఆ ఎరుపు కళ్లలో పొడుచుకుంటుంది. పచ్చగా ఉన్నదాన్ని అమ్మి లాభం జేబులో వేసుకుని, ఎర్రగా ఉన్నది తగ్గుతుందేమో చూద్దాం అని వదిలేస్తారు. ఆ క్షణం నుంచి వాళ్ల చేతిలో ఉన్నది స్ప్రెడ్ కాదు, ఒట్టిగా అమ్మిన కాల్. నిఫ్టీ ఇంకా పెరిగితే నష్టానికి హద్దు లేదు, మార్జిన్ కూడా ఒక్కసారిగా లక్షల్లోకి ఎక్కుతుంది. కూర్చుని వేసుకున్న లెక్కంతా ఆ ఒక్క క్లిక్‌తో చెరిగిపోతుంది.

ధరల విషయంలోనూ ఒక జాగ్రత్త. ఆప్షన్ చెయిన్‌లో కనిపించే ఎల్‌టీపీ ఆఖరుగా జరిగిన వ్యాపారం ధర, ఇప్పుడు మీకు దొరికే ధర కాదు. కొనేటప్పుడు అమ్మేవాడు అడిగే ధర చూడాలి, అమ్మేటప్పుడు కొనేవాడు ఇచ్చే ధర చూడాలి. నిఫ్టీలో దగ్గరి స్ట్రైకుల్లో ఈ తేడా పైసల్లో ఉంటుంది. దూరపు స్ట్రైకుల్లో, షేర్ల ఆప్షన్లలో రూపాయల్లో ఉంటుంది. లెగ్‌కు ఒక్క రూపాయి చొప్పున జారినా, వెళ్లేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు, మొత్తం నాలుగు పాయింట్లు, లాట్‌కు 260 రూపాయలు. మార్కెట్ ఆర్డర్ కాకుండా లిమిట్ ఆర్డర్ పెట్టమనేది ఇందుకే.

చార్జీలు కూడా నాలుగు సార్లు పడతాయి. డిస్కౌంట్ బ్రోకర్ ఆర్డర్‌కు 20 తీసుకుంటే నాలుగింటికి 80. దానిమీద జీఎస్‌టీ, ఎక్స్ఛేంజ్ చార్జీ, స్టాంప్ డ్యూటీ, అమ్మిన ప్రీమియం మీద ఎస్‌టీటీ. మన ఉదాహరణలో అన్నీ కలిపి నూట యాభై అటూఇటూగా తేలవచ్చు, యూనిట్‌కు రెండు పాయింట్ల పైమాట. అంటే కాగితం మీద 25,120 అని రాసుకున్న బ్రేక్ఈవెన్ చేతలో 25,122 దాటి ఉంటుంది. 300 పాయింట్ల స్ప్రెడ్‌లో ఇది పెద్ద లెక్కలోకి రాదు. 50 పాయింట్ల దూరంలో చిన్న చిన్న స్ప్రెడ్‌లు రోజూ వేసేవాళ్లకు మాత్రం లాభంలో గణనీయమైన భాగాన్ని ఇదే తినేస్తుంది.

ఇంతసేపూ నిఫ్టీతోనే లెక్కలు చెప్పడానికి కారణముంది. నిఫ్టీ ఆప్షన్లు యూరోపియన్ తరహావి, అంటే మీరు అమ్మిన కాల్‌ను అవతలివాడు గడువుకు ముందే అమలు చేయమని అడగలేడు. పైగా సెటిల్‌మెంట్ నగదులోనే, తేడా డబ్బు వస్తుంది, పోతుంది. షేర్ల ఆప్షన్లలోనూ గడువుకు ముందు అమలు భయం లేదు, కానీ 2019 అక్టోబరు నుంచి వాటన్నిటికీ షేర్లనే ఇచ్చిపుచ్చుకునే పద్ధతి అమల్లో ఉంది. స్ప్రెడ్ వేసేవాడికి ఇది ఒకే ఒక్క పరిస్థితిలో ప్రమాదం, అదీ ధర రెండు స్ట్రైకుల మధ్య ముగిసినప్పుడు.

లాట్ 500 షేర్లు ఉన్న ఒక కంపెనీ అనుకోండి. 1,400 కాల్ కొని 1,440 కాల్ అమ్మారు. ఎక్స్‌పైరీ రోజున షేరు 1,425 దగ్గర ముగిసింది. అమ్మిన 1,440 కాల్ సున్నా అయిపోయింది. కొన్న 1,400 కాల్‌కు విలువ ఉంది కాబట్టి అది అమలవుతుంది, అంటే 500 షేర్లను 1,400 చొప్పున మీరు కొనాల్సిందే. కావాల్సింది 7 లక్షలు. కొన్ని వేల రూపాయల నష్టానికే సిద్ధపడి స్ప్రెడ్ వేసినవాడికి ఈ ఫోన్‌కాల్ గుండె ఆగినంత పని చేస్తుంది. ధర 1,440 దాటి ముగిస్తే రెండు లెగ్‌లూ అమలై ఒకదానితో ఒకటి సరిపోతాయి, 1,400 కింద ముగిస్తే రెండూ సున్నా. మధ్యలోనే చిక్కు. అందుకే ఎక్స్‌పైరీకి ముందు రోజుల నుంచే బ్రోకర్లు షేర్ల ఆప్షన్లు కొన్నవాళ్ల దగ్గర కూడా మార్జిన్ పెంచుకుంటూ పోతారు. షేర్లలో స్ప్రెడ్ వేస్తే ఎక్స్‌పైరీ వారం రాకముందే రెండు లెగ్‌లూ మూసేయాలి. ఇందులో వాదనకు తావు లేదనే నా ఉద్దేశం.

చివరగా ఒక మాట, ఇది లెక్కల గురించే. 2024 సెప్టెంబరులో సెబీ ఒక అధ్యయనం విడుదల చేసింది. అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, వాళ్ల మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని అందులో తేలింది. బుల్ కాల్ స్ప్రెడ్ ఒక్కో వ్యాపారంలో పోయేదానికి హద్దు పెడుతుంది. ఎన్నిసార్లు వేస్తారన్నదానికి హద్దు పెట్టదు. నిఫ్టీకి ప్రతి మంగళవారం ఒక ఎక్స్‌పైరీ ఉంది. లాట్‌కు 7,800 అని ముందే తెలిసిన నష్టం పది వారాలు వరసగా వస్తే 78,000, చార్జీలు అదనం. ఆ పది వారాల మొత్తాన్ని భరించగలిగితేనే మొదటి ఆర్డర్ పెట్టండి.